ఉద్యోగం పోయింది, రెండు నెలలు అద్దె రెండు విడతల్లో కట్టొచ్చా? విశాఖ అద్దెదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

రెండేళ్ల కిందట ఆగస్టు 20న నా ఉద్యోగం పోయింది. గాజువాక ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. మద్దిలపాలెంలో రెండో అంతస్తులో 12,000 అద్దెకి ఉండేవాళ్ళం. సెప్టెంబరు, అక్టోబరు అద్దెలు రెండేసి విడతలుగా కట్టి, నవంబరు నుంచి మళ్ళీ మామూలుగా 5వ తేదీకే కట్టాం. అప్పటి నుంచి తెలిసినవాళ్ళలో ఎవరికి జాబ్ పోయినా నాకు ఫోన్ వస్తోంది. మధురవాడ నుంచి చేసినా, పెందుర్తి నుంచి చేసినా అడిగేవి ఇంచుమించు అవే సందేహాలు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## అడగడానికి ముందు

జాబ్ పోయిందని ఓనర్‌కి చెప్పాలా? చెప్పకుండా ఈ నెలకి ఎలాగోలా నెట్టుకొస్తే సరిపోదా?

చెప్పండి. అదీ అద్దె తేదీకి కనీసం పది రోజుల ముందు. 5వ తేదీ దాటాక చెబితే అది సాకులా వినిపిస్తుంది. 25వ తేదీన చెబితే సమాచారంలా వినిపిస్తుంది. ఓనర్ కూడా ఆ డబ్బు మీద ఏదో ఒకటి లెక్కేసుకునే ఉంటారు, దాన్ని సర్దుకోవడానికి ఆయనకీ టైమ్ కావాలి.

దాచిపెడితే వచ్చే చిక్కు ఇంకోటి ఉంది. రోజూ ఎనిమిదింటికి బండి తీసేవాడు పదకొండింటికి మెట్ల మీద కనిపిస్తే కింద వాటావాళ్ళకి, వాచ్‌మన్‌కి వారంలో తెలిసిపోతుంది. ఆ మాట మీకంటే ముందు ఓనర్‌కి చేరితే, తర్వాత మీరు ఎంత నిజాయితీగా అడిగినా ఆయనకి అనుమానమే మిగులుతుంది.

రెండు ముక్కలుగా కడితే నాకు కలిసొచ్చేది ఏమిటి? ఎలాగూ మొత్తం కట్టాల్సిందే కదా?

నిజమే, ఒక్క రూపాయి కూడా తగ్గదు. మారేది తేదీ మాత్రమే. కాబట్టి ముందు మీ సమస్య తేదీదా, మొత్తానిదా అని తేల్చుకోవాలి. తేదీదైతే విడతలు పనిచేస్తాయి. మొత్తానిదైతే పనిచేయవు, బాకీ రెండో నెలలోకి జరుగుతుందంతే.

మా ఇంటి లెక్క చెబుతాను. సెప్టెంబరు 1న చేతిలో 17,000 ఉంది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 13,000, 10వ తేదీకి పడుతుంది. అద్దె కాకుండా ఇంటి ఖర్చు బాగా కుదించుకుంటే నెలకి 12,000. అందులో సగం మొదటి పది రోజుల్లోనే పోతుంది. సరుకులు, పాల లెక్క, గ్యాస్, పిల్లాడి స్కూల్ ఆటో అన్నీ అప్పుడే. 5వ తేదీన 12,000 అద్దె కట్టేస్తే చేతిలో మిగిలేది 5,000, పదో తేదీలోపు కావాల్సింది 6,000. వెయ్యి రూపాయల గొయ్యి. అదే అద్దెలో 8,000 ఐదున, 4,000 పదిహేనున కడితే, 10వ తేదీకి ఇంకా 3,000 చేతిలో ఉంటుంది. జీతం పడ్డాక మిగతా అద్దె, మిగతా ఖర్చు అన్నీ పోను నెలాఖరుకి 6,000 మిగిలింది.

ఇలా తేదీల వారీగా ఒక కాగితం మీద రాసుకోండి. "నెలకి ఇంత వస్తుంది, ఇంత పోతుంది" అని మొత్తాలు మాత్రమే రాస్తే ఈ గొయ్యి కనిపించదు. మా మొత్తాలు చూస్తే సెప్టెంబరులో లోటే లేదు మరి.

రెండో విడతకి ఏ తేదీ చెప్పాలి? "కొత్త జాబ్ రాగానే కడతా" అంటే చాలా?

చాలదు. కొత్త జాబ్ ఎప్పుడొస్తుందో మీకే తెలియదు, ఇక ఓనర్‌కి ఏం తెలుస్తుంది? తేదీ ఎప్పుడూ ఇప్పటికే మీకు రావాల్సి ఉన్న డబ్బు మీద పెట్టాలి. ఇంట్లో ఇంకొకరి జీతం, పాత కంపెనీ నుంచి రావాల్సిన ఫైనల్ సెటిల్‌మెంట్, గడువు తీరబోతున్న చీటీ, మీ పీఎఫ్ లాంటివి. వీటిలోనూ జీతం తేదీకి ఒకటి రెండు రోజులు, కంపెనీ ఇచ్చే డబ్బుకైతే మూడు వారాలు కలిపి చెప్పండి.

నాకు 20 రోజుల జీతం, దాదాపు 22,000, రావాల్సి ఉంది. 45 రోజుల్లో ఇస్తామని కంపెనీ లెటర్‌లో రాశారు, అంటే అక్టోబరు 4. నేను ఓనర్‌కి అక్టోబరు 25 అని చెప్పాను. ఆ డబ్బు నిజంగా పడింది అక్టోబరు 29న. మూడు వారాలు కలిపినా నాలుగు రోజులు తప్పింది! అక్టోబరు 5 అని చెప్పి ఉంటే మూడున్నర వారాలు మాట తప్పినవాణ్ణి అయ్యేవాణ్ణి.

అడ్వాన్స్ ఓనర్ దగ్గరే ఉంది కదా, అందులో పట్టుకోమంటే పోలా?

అడగొచ్చు, కానీ మొదటి మాటగా అడగకండి. ఓనర్ దృష్టిలో ఆ అడ్వాన్స్ మీరు ఖాళీ చేసేటప్పుడు రంగులకి, పాడైన ట్యాపులకి, కట్టని కరెంటు బిల్లుకి భరోసా. జాబ్ పోయినవాడు అడ్వాన్స్ కరిగించమంటే "ఇతను వెళ్ళిపోయే ఆలోచనలో ఉన్నాడు" అని అనుకుంటారు. పైగా చాలామంది ఓనర్లు ఆ డబ్బు ఎప్పుడో వాడేసుకుని ఉంటారు. "పట్టుకోండి" అంటే ఆ నెల వాళ్ళ చేతికి ఏమీ రానట్టే.

విడతలకి అస్సలు ఒప్పుకోకపోతే మాత్రం ఇలా అడగండి: "ఒక్క నెల అడ్వాన్స్‌లో సర్దండి. జీతం మొదలయ్యాక అద్దెతో పాటు నెలకి 2,000 చొప్పున ఆ అడ్వాన్స్ మళ్ళీ నింపుతాను." నింపే మాట లేకుండా అడిగితే కుదరదు.

## అడిగేటప్పుడు

ఎలా మొదలుపెట్టాలి? ఓనర్ ఎదురుగా నోరు పెగలడం లేదు.

ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు. మా ఓనర్ పోర్టులో చేసి రిటైరైన పెద్దాయన, కింద వాటాలోనే ఉంటారు. నేను మూడు రోజులు మెట్లు దిగి మళ్ళీ పైకెక్కాను. చివరికి తేదీలు రాసుకున్న కాగితం జేబులో పెట్టుకుని, సాయంత్రం ఆయన అరుగు మీద పేపర్ చదువుకుంటున్నప్పుడు వెళ్ళాను.

ముందు విషయం, వెంటనే తేదీలు, తర్వాతే కారణాలు. "అంకుల్, 20న నా జాబ్ పోయిందండి. అద్దె ఆపను. ఈ రెండు నెలలు మాత్రం రెండుసార్లుగా ఇస్తాను, తేదీలు రాసుకొచ్చాను" అన్నాను. అంతే. కంపెనీ ఎంత అన్యాయం చేసిందో, మా కష్టాలేమిటో చెప్పడం మొదలుపెడితే వినేవాళ్ళకి జాలి కలుగుతుందేమో గానీ నమ్మకం కలగదు. ఆయన కాగితం తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, వేలితో ఒక్కో తేదీ మీద ఆగుతూ చదివారు. ముందుగా ఆయన అడిగింది: "నవంబరు సంగతేమిటి బాబూ?" ఆ ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉండాలి.

వాట్సాప్‌లో పెట్టడానికి మెసేజ్ ఎలా రాయాలి?

ఎదురుగా మాట్లాడాక అదే రోజు పంపండి. మాట్లాడకుండా మెసేజ్ ఒక్కటే పంపితే కొందరికి చిన్నతనంగా అనిపిస్తుంది. నేను పంపింది దాదాపు ఇలా ఉంది, అంకెలు మార్చుకుని వాడుకోండి:

> అంకుల్ నమస్కారం. ఇందాక మాట్లాడుకున్న విషయం రాసి పంపుతున్నాను. ఆగస్టు 20తో నా ఉద్యోగం ఆగిపోయింది. సెప్టెంబరు అద్దె: 5న 8,000, 15న 4,000. అక్టోబరు అద్దె: 11న 6,000, 25న 6,000. నవంబరు నుంచి ఎప్పటిలా 5వ తేదీకి 12,000. కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ ఎప్పటికప్పుడు నేనే కడతాను. ఏ తేదీ అయినా మారేలా ఉంటే మూడు రోజుల ముందే చెబుతాను. మీకు సమ్మతమైతే "సరే" అని ఒక్క మాట పెట్టండి.

ఆ చివరి వాక్యం వదిలేయకండి. రేపు వాళ్ళబ్బాయి వచ్చి "ఎవరిని అడిగి లేటుగా కడుతున్నారు?" అంటే చూపించడానికి మీ దగ్గర ఉండేది ఆ "సరే" ఒక్కటే.

ఓనర్ తనకీ లోన్ ఉందంటున్నారు. ఇక అడగడం అనవసరమా?

అనవసరం కాదు. లోన్ ఎన్నో తేదీన కట్ అవుతుందో, ఎంతో అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో బేరం తీరే మారిపోతుంది.

మేం ముందు అనుకున్నది సగం సగం, 6,000 చొప్పున. మా ఓనర్ "నాకు 7న 8,000 కట్ అవుతుంది, ఆరు వేలు ఇస్తే ఏం చేసుకోను?" అన్నారు. నా కాగితం మళ్ళీ చూసుకుంటే సెప్టెంబరు 5న 8,000 ఇవ్వగలను, 10వ తేదీ దాకా ఇల్లు గడుస్తుంది. అలాగే మార్చాను. అక్టోబరులో మాత్రం 11వ తేదీకి ముందు ఇవ్వలేనని నిజం చెప్పాను. నెలన్నర ముందే తెలిసింది కాబట్టి ఆ ఒక్క నెల పెన్షన్‌లోంచి సర్దుకుంటానన్నారు. విడత అంటే సరిగ్గా సగమే ఉండాలని ఏ రూలూ లేదు. ఓనర్ అవసరానికి సరిపడేంత మొదటి విడత ఉంటే రెండోది ఆలస్యమైనా ఆయనకి ఇబ్బంది తక్కువ.

మా ఓనర్ హైదరాబాద్‌లో ఉంటారు, ఇక్కడ చూసుకునేది వాళ్ళ బావమరిది. ఎవరిని అడగాలి?

అద్దె అగ్రిమెంట్ ఎవరి పేరుతో ఉందో వాళ్ళని. ఇక్కడున్నాయనకి ముందుగా ఒక మాట చెప్పండి, మర్యాద. కానీ ఒప్పుకోవాల్సింది ఓనరే. మధ్యవాళ్ళు "నేను చెబుతాలే" అని మర్చిపోయిన సందర్భాలు చాలా విన్నాను. విదేశాల్లో ఉన్నవాళ్ళయితే వాళ్ళ టైమ్ చూసుకుని కాల్ చేసి, వెంటనే మెసేజ్ పెట్టండి.

"జాబ్ లేకపోతే ఖాళీ చేసెయ్" అన్నారు. నిజంగా వెళ్ళిపోవాలా?

కోపంలో అన్న మాటకి ఆ రోజే జవాబు చెప్పకండి. రెండు రోజులాగి, ఈసారి ఇంట్లో ఇంకొకరితో కలిసి వెళ్ళండి. నోటితో "పో" అన్నంత మాత్రాన మీ హక్కు పోదు. అగ్రిమెంట్‌లో నోటీసు గడువు ఉంటే అదే లెక్క. అలాంటి ఒప్పందమేదీ లేకపోతే నెలవారీ అద్దె ఇంటికి 15 రోజుల రాతపూర్వక నోటీసు ఉండాలని ఆస్తి బదిలీ చట్టం, 1882 సెక్షన్ 106 చెబుతోంది. నోటీసు గడువు తీరాక కూడా మీరు కదలకపోతే ఆయన కోర్టుకి వెళ్ళాలి తప్ప సామాన్లు బయట పెట్టకూడదు.

అయితే ఇల్లు మారడం ఎంతవుతుందో కూడా ఆయన ముందు పెట్టండి. మీకు కొత్త అడ్వాన్స్, ట్రాలీ ఆటో, సామాన్లు ఎత్తేవాళ్ళ కూలి. ఆయనకి రంగులు, టులెట్ బోర్డు పెట్టాక ఇల్లు ఖాళీగా ఉండే రోజులు. ఒక నెల ఖాళీ ఉంటే ఆయనకి పోయేది పూర్తి అద్దె. మీరు అడుగుతున్నది అందులో కొంత భాగానికి రెండు వారాల గడువు.

## ఒప్పుకున్నాక

కట్టిన విడతలకి రసీదు అవసరమా? మాది నోటిమాట మీదే నడుస్తుంది.

అవసరం. రెండు నెలల్లో నాలుగుసార్లు డబ్బు చేతులు మారుతుంది, ఎవరో ఒకరు ఒకటి మర్చిపోతారు. యూపీఐలో పంపండి, నోట్‌లో "సెప్టెంబరు అద్దె 2వ విడత, బాకీ లేదు" అని రాయండి. ఉత్తినే "అద్దె" అని రాస్తే అక్టోబరు 11న పంపింది సెప్టెంబరు బాకీయా, అక్టోబరు మొదటి విడతా అన్న గొడవ వస్తుంది. నగదే కావాలంటే చిన్న నోట్‌బుక్‌లో తేదీ, అంకె రాసి సంతకం పెట్టించుకోండి.

ముందు తేదీలు వేసి చెక్కులు ఇమ్మంటున్నారు. ఇవ్వనా?

వద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. యూపీఐ ఒక రోజు ఆలస్యమైతే అది మాట తప్పడం. అదే చెక్కు బౌన్స్ అయితే, నోటీసు వచ్చాక 15 రోజుల్లో ఆ డబ్బు కట్టకపోతే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు పెట్టొచ్చు. జాబ్ లేని సమయంలో, ఎప్పుడు పడతాయో తెలియని డబ్బులు నమ్ముకుని చెక్కు మీద తేదీ వేయకూడదు. "చెక్కు బదులు మొదటి విడత ఇంకో వెయ్యి పెంచి ఇస్తాను" అనండి. చేతికొచ్చే వెయ్యికి చాలామంది ఒప్పుకుంటారు.

అద్దె కోసం పీఎఫ్ తీయాలా?

మొదటి నెలకి వద్దు. మూడో నెల పూర్తి అద్దెకి భరోసాగా పెట్టుకోండి. "నవంబరు సంగతేమిటి?" అన్నప్పుడు నేను చెప్పిన జవాబు అదే: జాబ్ వచ్చినా రాకపోయినా పీఎఫ్‌లోంచి కడతానని.

ఉద్యోగం పోయినవాళ్ళు నిల్వలో 75 శాతం వరకు తీసుకునే వీలుంది. అయితే క్లెయిమ్ ఆగిపోయేది ఎక్కువగా ఒక్కచోటే: పాత కంపెనీవాళ్ళు పీఎఫ్ పోర్టల్‌లో మీరు మానేసిన తేదీ ఎక్కించకపోవడం. జాబ్ పోయిన వారంలోనే లాగిన్ అయి ఆ తేదీ పడిందో లేదో చూడండి. లేకపోతే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు ఓకే అయి ఉన్నాయో కూడా అప్పుడే చూసుకోండి. డబ్బు అవసరమైన రోజున ఇవన్నీ మొదలుపెడితే వారాలు పోతాయి. సర్వీసు ఐదేళ్ళు నిండనివాళ్ళకి పన్ను కోత పడొచ్చు, అందుకే కావాల్సినంతే తీయండి.

## తేదీ తప్పితే, గడువు సరిపోకపోతే

చెప్పిన తేదీకి డబ్బు అందేలా లేదు. ఏం చేయాలి?

మూడు రోజుల ముందే చెప్పండి, ఆ రోజుకి ఎంతో కొంత ఇవ్వండి, మిగతాదానికి కొత్త తేదీ ఒక్కటే చెప్పండి. అక్టోబరు 25 విడతకి నాకు ఇదే జరిగింది. కంపెనీ డబ్బు పడలేదు. 22న కిందికి వెళ్ళి అకౌంట్స్ వాళ్ళు పంపిన మెయిల్ చూపించాను. 25న చేతిలో 3,000 ఉంటే 2,000 ఇచ్చేశాను. 29న డబ్బు పడింది, 30న మిగతా 4,000 ఇచ్చాను. పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు.

ఈ పరిస్థితిలో లోన్ యాప్‌ల జోలికి వెళ్ళకండి. 4,000 కోసం తీసుకుంటే ఫీజు ముందే కోసుకుని చేతికి తక్కువ ఇస్తారు, వారం పది రోజుల్లో మొత్తం కట్టమంటారు. నాలుగు రోజులు ఆగమని ఓనర్‌ని అడగడమే మేలు.

రెండు నెలలు అయిపోయాయి, జాబ్ ఇంకా రాలేదు. మూడో నెల కూడా విడతలు అడగొచ్చా?

అడిగే ముందు మీ తేదీల కాగితం మళ్ళీ తీయండి. మూడో నెలలో ఇంటికి వచ్చే డబ్బు అద్దెకీ ఖర్చుకీ కలిపి సరిపోతూ, తేదీలే కుదరకపోతే అడగండి. మొత్తమే సరిపోకపోతే అడగొద్దు. అప్పుడు చేయాల్సింది తక్కువ అద్దె ఇంటికి మారడం. అదీ అడ్వాన్స్ బాకీలో కరిగిపోకముందే చేయాలి, కొత్త ఇంటికి అడ్వాన్స్ దానితోనే కదా కట్టేది.

నేను నవంబరు మొదటి వారంలో 28,000 జీతానికి చేరాను, పాతదానికంటే ఆరు వేలు తక్కువ. తక్కువని వదులుకుని ఉంటే డిసెంబరు అద్దెకి ఇల్లు మారే లెక్కలు వేసుకోవాల్సి వచ్చేది.

విడతలకి ఒప్పుకుని ఇప్పుడు నీళ్ళు ఆపేస్తా, తాళం వేస్తా అంటున్నారు. ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

ముందు ఆయన "సరే" అన్న మెసేజ్, కట్టిన విడతల స్క్రీన్‌షాట్లు ఒకచోట పెట్టుకోండి. బాకీ ఉందని నీళ్ళు, కరెంటు ఆపడానికి, తాళం వేయడానికి ఓనర్‌కి హక్కు లేదు. ఆయనకి ఉన్న దారి కోర్టే. విశాఖ జిల్లా కోర్టులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరుకి ఫోన్ చేయొచ్చు. మహిళలకి, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి ఆదాయంతో పనిలేకుండా ఈ సహాయం దొరుకుతుంది. కేసు దాకా పోకుండా ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేసే వీలు కూడా అక్కడ ఉంది.

ఆ గొడవ నడుస్తున్నన్నాళ్ళూ ఒప్పుకున్న తేదీకి ఒప్పుకున్న డబ్బు పంపుతూనే ఉండండి. తీసుకోకుండా వెనక్కి పంపితే ఆ స్క్రీన్‌షాట్ కూడా దాచండి. ఇవ్వడానికి మీరు సిద్ధంగా ఉన్నారని చూపించేది అదే.